కాలేజీలో ఒక్కరోజు టైమ్ మేనేజ్‌మెంట్ వర్క్‌షాప్: ఏళ్ళుగా నడిపాక ఈ ప్లాన్‌పై నా సమీక్ష

ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెబుతూ, ఏటా రెండో సంవత్సరం పిల్లలకి ఈ వర్క్‌షాప్ నడిపే పని కూడా చూస్తుంటాను. మొదట్లో చేతికొచ్చిన ప్లాన్ చాలాచోట్ల దొరికేదే. పొద్దున ఓ ఉపన్యాసం, నాలుగు గడుల పట్టిక, జాడీలో రాళ్ళూ ఇసుకా పోసి చూపించే ఆట, సాయంత్రం ఫీడ్‌బ్యాక్ ఫారం. ఏడాదికేడాది మార్చుకుంటూ వచ్చాక ఇప్పటి ప్లాన్‌లో గట్టిగా పనికొచ్చేవి రెండని తేలింది. ఒకటి వారం గంటల లెక్క, రెండోది అంచనా పందెం. ఈ రెండూ సరిగ్గా జరిగితే రోజు గట్టెక్కినట్టే.

ముందు టైమింగ్స్ సంగతి. కాగితం మీద 9:30కి మొదలు. దీపం వెలిగించడం, బొకేలు, ముఖ్య అతిథి నాలుగు మాటలు, ఫొటోలు అయ్యేసరికి 10:15 అవుతుంది. టైమ్ మేనేజ్‌మెంట్ వర్క్‌షాప్ ముప్పావుగంట లేటుగా మొదలైతే పిల్లలు నవ్వుకోరా మరి! అందుకే సభ మొత్తాన్ని సాయంత్రం 4 గంటలకి జరిపించాను. 4:30కి కాలేజీ బస్సులు కదులుతాయి కాబట్టి ఎంత పెద్ద అతిథైనా ఇరవై నిమిషాల్లో ముగించాల్సిందే. దీనికి ప్రిన్సిపల్‌గారిని ఒప్పించడం కొంచెం కష్టం. కానీ ప్లాన్ మొత్తంలో దీనంత లాభం తెచ్చిన మార్పు ఇంకోటి లేదు.

9:30కి లోపలికి రాగానే ఒక తెల్లకాగితం ఇస్తాం. పేరు రాయక్కర్లేదు. నిన్న సాయంత్రం కాలేజీ వదిలినప్పటి నుంచి నిద్రపోయేదాకా ఏం చేశారో గంటగంటకీ రాయాలి. పది నిమిషాలు, మాటల్లేవు. ఆ కాగితం ఎవరికీ చూపించక్కర్లేదని ముందే చెప్పాలి. చెప్పకపోతే అందరూ 8 నుంచి 10 దాకా చదువుకున్నట్టే రాస్తారు.

తర్వాత 10:50 దాకా వారం లెక్క. వారానికి 168 గంటలు. నిద్ర, కాలేజీ, ప్రయాణం, స్నానం, తిండి తీసేస్తే ఎంత మిగులుతుందో ఎవరిది వాళ్ళే వేసుకోవాలి. ఒక డే స్కాలర్ లెక్క చెబుతాను. ఊరి నుంచి బస్సులో వచ్చిపోయే అబ్బాయి. నిద్ర రోజుకి ఏడు గంటల చొప్పున 49. కాలేజీ ఆరు రోజులకి 42. బస్సు రానుపోను మూడు గంటల చొప్పున 18. స్నానం, తిండి వగైరా 17.5. మొత్తం 126.5 పోగా అతని చేతిలో మిగిలింది 41.5 గంటలు.

ఇక్కడే ఫోన్లు తీయమంటాం. సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిస్తే రోజుకి ఎంతసేపు వాడారో వస్తుంది. అతనిది సగటున 4 గంటల 20 నిమిషాలు, అంటే వారానికి దాదాపు 30 గంటలు. వెంటనే 41.5లోంచి 30 తీసేసి "11 గంటలే ఉన్నాయి మేడమ్" అంటారు. చాలామంది శిక్షకులు కూడా ఈ లెక్క దగ్గరే ఆగి ఫోన్ మీద ఓ క్లాసు పీకుతారు. కానీ ఆ 30 గంటల్లో 12 దాకా బస్సులో చూసినవే. ఇంకో మూడు అన్నం తింటూ చూసినవి. వాటిని అప్పటికే ప్రయాణం, తిండి కింద తీసేశాం. ఒకే గంటని రెండుసార్లు కొట్టేస్తే లెక్క తప్పుతుంది కదా. మిగిలిన టైమ్‌లోంచి ఫోన్‌కి నిజంగా పోయింది 15 గంటలు. అంటే ఇంకా 26.5 ఉన్నాయి. అవి ఎటు పోతున్నాయో అతనికే తెలియదు. నేరం ఫోన్ మీదకి తోసేయడం కుదరనప్పుడే పిల్లలు సీరియస్‌గా ఆలోచించడం మొదలుపెడతారు.

డౌన్‌లోడ్ చేసుకున్న ఫారాల్లో ఇంటిపనికి గడి ఉండదు. ఇంటి నుంచి వచ్చే ఆడపిల్లలు చాలామందికి వంటలో సాయం, గిన్నెలు, తమ్ముడి హోంవర్క్ కలిపి వారానికి పదీ పన్నెండు గంటలు అవుతుంది. ఆ వరస ఒకటి అచ్చు వేయిస్తే తప్ప వాళ్ళ లెక్క తేలదు. హాస్టల్ వాళ్ళకి ఇది అక్కర్లేదు. వాళ్ళ సమస్య స్టడీ అవర్‌లో పక్క గది కబుర్లు.

టీ తర్వాత 11:05 నుంచి 12:30 దాకా అంచనా పందెం. నా మటుకు రోజు మొత్తానికీ ఇదే గుండెకాయ. మూడు చిన్న పనులు ఇస్తాం. ల్యాబ్ రికార్డులో ఒక పేజీ నీట్‌గా ఎక్కించడం, రెండు పేజీల పాఠం చదివి ఐదు పాయింట్లు రాయడం, ఇంటర్న్‌షిప్‌కి అనుమతి కోరుతూ హెచ్‌ఓడీకి ఇంగ్లిష్‌లో మెయిల్ రాయడం. ప్రతి పనికీ ముందు ఎన్ని నిమిషాలు పడుతుందో పెన్నుతో రాయాలి. పెన్సిల్ ఇస్తే తర్వాత దిద్దుకుంటారు. గోడమీద పెద్ద గడియారం ఉండాలి. పని అవగానే టైమ్ చూసి అంచనా పక్కనే వేసుకోవాలి.

పైన చెప్పిన అబ్బాయివే చూడండి. రికార్డుకి 10 నిమిషాలన్నాడు, 11 పట్టింది. పాఠానికి 12 అన్నాడు, 18 పట్టింది. మెయిల్‌కి 6 అన్నాడు, 14 పట్టింది. దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే వరస వస్తుంది. చూసి రాసే పనికి అంచనా సరిగ్గానే ఉంటుంది. ఆలోచించి ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన పనికే దారి తప్పుతుంది. మెయిల్‌లో రాసింది ఆరు వాక్యాలే. "రెస్పెక్టెడ్ సర్" తర్వాత ఏం రాయాలో తోచక గడిచినవే మిగతా నిమిషాలు.

దీనికి పరిశోధనల్లో ఆధారం ఉంది. 1979లో కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వవేత్తలు ఈ ధోరణి గురించి రాశారు. 1994లో బ్యూలర్, ఆయన సహచరులు కెనడాలో థీసిస్ రాస్తున్న విద్యార్థులని అడిగితే, సగటున 34 రోజుల్లో అయిపోతుందన్నారు. నిజంగా పట్టింది 55 రోజుల పైనే. ఈ సంగతి ముందే చెప్పేస్తే పందెం చప్పబడిపోతుంది. పిల్లల అంకెలు బోర్డు మీదకి ఎక్కాకే చెప్పాలి. ఇందులో పరిమితి కూడా ఉంది. పావుగంట పనిలో వచ్చిన నిష్పత్తి నెలరోజుల ప్రాజెక్టుకి సరిపోదు. మనం పొరబడే దిక్కు ఏదో చూపిస్తుందంతే.

భోజనం తర్వాత 1:20 నుంచి ఇరవై నిమిషాలు మళ్ళీ ఒంటరిగా రాయడమే. అన్నం తిన్న వెంటనే ఉపన్యాసం పెడితే సగం మంది నిద్రలోకి జారుకుంటారు. పొద్దుటి కాగితం తీసి, అందులో తాము అనుకుని చేసింది ఏది, ఊరికే జరిగిపోయింది ఏది అని గుర్తులు పెట్టుకోవాలి. తర్వాత పక్కవాళ్ళతో ఇష్టమైతే మాట్లాడొచ్చు. ముందు మాటలు పెట్టి తర్వాత రాయమంటే బెంచీలో గట్టిగా మాట్లాడేవాడి మాటే అందరి కాగితాల మీదా కనిపిస్తుంది.

1:40 నుంచి 3:10 దాకా మిడ్ పరీక్షల నుంచి వెనక్కి లెక్కేసుకోవడం. పైన చెప్పిన డే స్కాలర్ అబ్బాయికి మిడ్ పన్నెండు రోజుల్లో ఉంది. ఐదు సబ్జెక్టులు, ఒక్కోదానికి రెండున్నర యూనిట్లు, మొత్తం 12.5. యూనిట్‌కి రెండున్నర గంటలు చాలన్నాడు, అంటే సుమారు 31 గంటలు. ఉన్న టైమ్ చూస్తే 26.5లోంచి రోజూ ఆడే గంట క్రికెట్ తీసేయగా వారానికి 19.5, పన్నెండు రోజులకి 33. సరిపోయిందని సంతోషించాడు. అప్పుడు పొద్దుటి పాఠం లెక్క గుర్తుచేశాను. 12 అన్నది 18 అయింది, అంటే ఒకటిన్నర రెట్లు. ఆ లెక్కన 31 కాస్తా 47 అవుతుంది.

"మేడమ్, అయితే ఇది అవ్వదు కదా?"

అవ్వదు. ప్లాన్‌లో ఈ మాట పిల్లల నోట రావడం కోసమే పొద్దుట్నుంచీ ఆ తిప్పలన్నీ. మిగిలిన అరగంటా ఏది వదిలేయాలన్నదే చర్చ. అతను మూడు సబ్జెక్టుల్లో చివరి అర యూనిట్ వదిలేశాడు, దాదాపు ఐదున్నర గంటలు తగ్గింది. పొద్దున బస్సులో నిలబడాలి కానీ సాయంత్రం సీటు దొరుకుతుంది. అప్పటికే చదివిన నోట్సు ఆ సీట్లో నలభై నిమిషాలు తిరగేస్తే పది రోజులకి ఆరున్నర గంటల పైచిలుకు వస్తుంది. ఇంకా గంటో గంటన్నరో లోటు ఉంది. క్రికెట్ మానమని మాత్రం నేను అనలేదు. అంటే ఆ కాగితం సాయంత్రానికే చెత్తబుట్టలో ఉంటుంది.

చివరి సెషన్ 3:25 నుంచి 3:50. ఇంతకుముందు "ఈ రోజు ఏం నేర్చుకున్నారు?" అని అడిగేవాళ్ళు. అరవై కాగితాల్లో యాభై "సమయం చాలా విలువైనది" అని వచ్చేవి. ఇప్పుడు రెండే అడుగుతాం. వచ్చే వారం ఏ పని వదిలేస్తున్నారు, ఆ సంగతి ఎవరికి చెప్పాలి? రెండోది, ఎప్పుడు, ఎక్కడ అన్నది కలిసొచ్చేలా ఒకే ఒక వాక్యం. "బస్సు దిగి ఇంట్లో టీ తాగగానే ఫోన్ అమ్మకిచ్చి మ్యాథ్స్ తీస్తాను" లాంటిది. గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త ఇలాంటి షరతు వాక్యాల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. "రోజూ కష్టపడి చదువుతాను" అన్నది ఇందులోకి రాదు. సీనియర్లు బెంచీల మధ్య తిరుగుతూ అలాంటివి కనబడితే వెనక్కి ఇచ్చేస్తారు. పదిహేను మందికి ఒక సీనియర్ లేకపోతే ఈ భాగం కుదరదు.

తీసేసినవీ చెప్పాలి. అత్యవసరం, ముఖ్యం అనే నాలుగు గడుల పట్టిక అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1954లో ఓ ప్రసంగంలో చెప్పిన మాట నుంచి పుట్టింది. పని ఎవరికైనా అప్పగించగల అధికారికి అది బాగుంటుంది. మా పిల్లలకి గడువులన్నీ మేమే పెడతాం, అప్పగించడానికి ఎవరూ లేరు. అన్నీ ఒకే గడిలో కూరుకుపోతాయి. ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ ఆయన 1980ల చివర్లో మొదలుపెట్టిన పొమొడోరో, అంటే 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం, రికార్డు రాయడానికి భేష్. లెక్క మధ్యలో గంట మోగితే మాత్రం చిరాకు. దాన్ని పది నిమిషాల్లో చెప్పి వదిలేస్తాం. రాళ్ళ జాడీ అందరూ చూసేసిందే.

మూడు వారాల తర్వాత మళ్ళీ అరగంట కూర్చోబెడితే వారం చార్టులు చాలామటుకు కనిపించవు. "ఒకటిన్నర రెట్లు" అన్న మాట, ఆ ఒక్క వాక్యం మాత్రం చాలామంది చెప్పగలుగుతారు. వాడుతున్నారా అంటే కొందరే. ఒక్క రోజుకి ఇది తక్కువేమీ కాదని నా అభిప్రాయం. బ్యాక్‌లాగ్‌లు పేరుకుపోయిన పిల్లాడికీ, ఇంటి టెన్షన్‌లో ఉన్న పిల్లకీ ఇది చాలదు. వాళ్ళతో మెంటర్ విడిగా కూర్చోవాలి.

పెట్టాలనుకునేవాళ్ళు మిడ్‌కి రెండు వారాల ముందు తేదీ అడగండి. మొదటి సంవత్సరం మొదటి నెలలో వద్దు. వాళ్ళు ఇంకా ఒక్క మిడ్ కూడా రాసి ఉండరు, మధ్యాహ్నం లెక్క గాల్లో తేలిపోతుంది. తలకి నాలుగు జిరాక్స్ కాగితాలు, పెన్నులు, గోడ గడియారం, నలుగురు సీనియర్లు ఉంటే అరవై మందికి సరిపోతుంది.