రెండు వ్యవస్థల పోలిక ప్రశ్న: విడివిడిగా రాయడం మేలా, అంశాలవారీగానా?

"పార్లమెంటరీ, అధ్యక్ష తరహా ప్రభుత్వాలను పోల్చి, ఏది మేలో మీ అభిప్రాయం రాయండి." రాజనీతి శాస్త్రం చదివే పిల్లలకు ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఎదురవుతూనే ఉంటుంది. అమలాపురంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని వాళ్ల జవాబులు దిద్దుతుంటే నాకు రెండు రకాల రాత కనిపిస్తుంది. కొందరు ముందు భారతదేశం సంగతంతా రాసి, తర్వాత అమెరికా సంగతంతా రాసి, చివర తీర్పు చెబుతారు. కొందరు ఒక్కో అంశాన్ని తీసుకుని రెండు దేశాలనూ ఒకే పేరాలో ఎదురెదురుగా నిలబెడతారు. గళ్లు గీసి తేడాలు నింపేవాళ్లూ ఉన్నారు కానీ, వాళ్లను ఈ పోటీలోకి తీసుకోను. గడిలో "ఏమిటి" పడుతుంది, "ఎందుకు" పట్టదు.

ఈమధ్య ఒక లంక గ్రామం నుంచి పంటు దాటి వచ్చే అమ్మాయి మొదటి రకం జవాబు తెచ్చింది. అక్షరాలు ముత్యాలే. రాష్ట్రపతి, ప్రధాని, మంత్రిమండలి, సమష్టి బాధ్యత, అవిశ్వాసం, ఇలా భారతదేశానికి రెండున్నర పేజీలు. అమెరికాకు తొమ్మిది పంక్తులు. పదో పంక్తిలో "అందువల్ల భారత వ్యవస్థే మేలు" అని తీర్పు.

"అమెరికా గురించి కూడా అన్నీ రాశాను కదా మాస్టారూ" అంది. రాసిన మాట నిజమే. అభిశంసన గురించి కూడా ఒక వాక్యం ఉంది. అయితే రెండో పేజీలోని అవిశ్వాసం, మూడో పేజీలోని అభిశంసన ఎక్కడా ఎదురుపడలేదు. వాటిని కలిపి చూసే పని దిద్దేవాడి మీద పడింది. మార్కులున్నది సరిగ్గా ఆ పనికే. విడివిడిగా రాసే పద్ధతిలో ఇంకో చిక్కు కూడా ఉంది. బాగా తెలిసిన వ్యవస్థ చోటంతా తినేస్తుంది. అప్పుడు తీర్పు కూడా దానివైపే ఒరుగుతుంది, కారణం చెప్పకుండానే.

ఆ ఒక్క అంశాన్నే తీసుకుని ఇద్దరం కూర్చుని తిరిగి రాశాం. ప్రభుత్వాధిపతిని గడువుకు ముందే ఎలా దించవచ్చు? దీనికి నా దగ్గర ఒక జోడీ ఉంది. రెండు చోట్లా ఒక్క ఓటే తేడా. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం లోక్‌సభలో 269-270తో ఓడిపోయింది. ఆనాడు సభాపతి స్థానంలో ఉన్నది మన కోనసీమ మనిషి జి.ఎం.సి. బాలయోగి. ఒడిశా ముఖ్యమంత్రి అయి కూడా ఎంపీ పదవి వదలని గిరిధర్ గమాంగ్ ఓటేయవచ్చా అన్న వివాదంలో, నిర్ణయాన్ని ఆయన మనస్సాక్షికే వదిలింది బాలయోగే. అటు అమెరికాలో 1868 మే నెలలో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌ను తొలగించాలని సెనేట్‌లో 35 మంది, వద్దని 19 మంది ఓటేశారు. మూడింట రెండు వంతులంటే 36 కావాలి. ఒక్క ఓటు తక్కువై ఆయన పదవిలోనే ఉండిపోయాడు.

పేరా ఇలా తేలింది:

"పార్లమెంటరీ వ్యవస్థలో ప్రభుత్వం దిగువసభ నమ్మకం మీద నిలుస్తుంది కాబట్టి ఆ నమ్మకం పోవడమే దిగిపోవడానికి చాలు, నేరం చేసి ఉండనక్కరలేదు. 1999లో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. అధ్యక్ష వ్యవస్థలో అధ్యక్షుడి పదవీకాలం చట్టసభ నమ్మకంతో ముడిపడి లేదు. దేశద్రోహం, లంచం, ఇతర తీవ్ర నేరాలు మోపి, సెనేట్‌లో మూడింట రెండు వంతుల ఓట్లు కూడగడితేనే తొలగింపు. అందుకే 1868లో సెనేట్‌లో స్పష్టమైన మెజారిటీ దిగిపోవాలన్నా జాన్సన్ కొనసాగాడు. మొదటి వ్యవస్థ జవాబుదారీతనం కోసం స్థిరత్వాన్ని పణంగా పెడుతుంది, రెండోది స్థిరత్వం కోసం జవాబుదారీతనాన్ని."

ఇందులో పంక్తులు సమానంగా ఉన్నాయా అని అమ్మాయి లెక్కపెట్టబోయింది. సమతూకమంటే పంక్తుల లెక్క కాదు. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగడం, ఒకే రకం సాక్ష్యం చూపించడం. ఇటు ఒక సంఘటన చెబితే అటు కూడా సంఘటనే చెప్పాలి. ఇటు సంఘటన చెప్పి అటు రాజ్యాంగ నిబంధనతో సరిపెడితే తక్కెడ ఒరుగుతుంది. మన రాష్ట్రపతిని తీసుకెళ్లి అమెరికా అధ్యక్షుడి ఎదురుగా నిలబెట్టడం ఇంకో పొరపాటు. పేర్లు కలిశాయి గానీ పనులు కలవలేదు. పోల్చాల్సింది ప్రధానితో. 1999లో జరిగింది అవిశ్వాస తీర్మానమని రాసేవాళ్లూ కనిపిస్తారు. మద్దతు ఉపసంహరణ తర్వాత ప్రభుత్వమే పెట్టుకున్న విశ్వాస తీర్మానం అది.

అంశాలవారీ పద్ధతి అన్నిచోట్లా గెలుస్తుందని అనను. స్విట్జర్లాండ్‌నే చూడండి. ఏడుగురు సభ్యుల ఫెడరల్ కౌన్సిల్‌ను పార్లమెంటే ఎన్నుకుంటుంది, కానీ నాలుగేళ్ల గడువులోపు అవిశ్వాసంతో దించలేదు. చదివేవారికి ముందుగా ఆ బొమ్మ మొత్తం కనబడకపోతే అంశాలుగా ముక్కలు చేసి చూపినా తల తిరగడమే. అలాంటి చోట ముందు ఒక పేరాలో విడిగా పరిచయం చేసి, ఆపై అంశాల్లోకి దిగాలి. బాగా తెలిసిన భారత్, అమెరికాలకు ఆ అవసరం లేదు. నా ఓటు అంశాలవారీకే. అదీ రెండు మూడు అంశాలకు మించకుండా. ఎనిమిది అంశాలు ఎత్తుకుంటే ఏదీ పేరా కాదు, అన్నీ శీర్షికలే.

ఇక తీర్పు. "రెండింటిలోనూ మంచిచెడులు ఉన్నాయి" అనేది తీర్పు కాదు, తప్పించుకోవడం. "మనది మనకు మేలు" అనేది అభిమానం. మంచి తీర్పు ఎలా ఉంటుందో చూడాలంటే 1948 నవంబర్ 4న రాజ్యాంగ పరిషత్తులో అంబేడ్కర్ ముసాయిదాను ప్రవేశపెడుతూ చెప్పినది చదవాలి. ప్రజాస్వామ్య కార్యనిర్వాహక వర్గానికి స్థిరత్వం, బాధ్యత రెండూ కావాలన్నారు. రెంటినీ సమపాళ్లలో ఇచ్చే వ్యవస్థ ఇంకా దొరకలేదనీ, అమెరికా పద్ధతి స్థిరత్వాన్ని, బ్రిటన్ పద్ధతి బాధ్యతను ఎక్కువగా ఇస్తాయనీ ఒప్పుకున్నారు. ఆపైన ముసాయిదా బాధ్యతవైపు మొగ్గిందని చెప్పారు. కొలత ఏమిటో ముందు చెప్పారు, వదులుకుంటున్నదేమిటో దాచలేదు, ఎటో ఒకవైపు నిలబడ్డారు. పరీక్షలో ఆ మూడూ మూడు వాక్యాల్లో వస్తే చాలు.

అమ్మాయి తన తీర్పు తిరిగి రాసింది: "ప్రభుత్వాన్ని ఎన్నికల మధ్యకాలంలో కూడా నిలదీయడం ముఖ్యమనుకుంటే పార్లమెంటరీ వ్యవస్థ మేలు. దానికి చెల్లించే ధర అస్థిరత్వం. 1999లో ప్రభుత్వం పడిపోయాక కార్గిల్ యుద్ధాన్ని నడిపింది ఆపద్ధర్మ ప్రభుత్వం. అయినా ఆ ధర భరించదగినదే, ఎందుకంటే అక్టోబర్‌కల్లా ఓటర్లు కొత్త ప్రభుత్వాన్ని తెచ్చుకోగలిగారు." చివరి వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీశాను, తప్పని కాదు.

పుస్తకం మూస్తూ తనే అంది: "మాస్టారూ, మా ఊళ్లో సర్పంచ్‌ను మేమే ఓటేసి ఎన్నుకుంటాం, వార్డు సభ్యులు అవిశ్వాసం పెట్టి దించలేరు. తప్పు రుజువైతే కలెక్టర్‌గారు తొలగించాలి. మండలాధ్యక్షుణ్ణి అయితే ఎంపీటీసీలు ఎన్నుకుంటారు, అవిశ్వాసంతో వాళ్లే దించగలరు. అంటే రెండు పద్ధతులూ మా దగ్గరే ఉన్నాయి కదండీ?" ఉన్నాయి, 1994 పంచాయతీరాజ్ చట్టంలోనే. ఆ మాటను మొదటి పేరాలో పెట్టమన్నాను. తీర్పు ముందు పెడతానంది. తేలకముందే పంటు వేళయిందని లేచింది.