పీరియడ్ యాప్ రంగేసిన రోజులను నమ్మి పైసలు కట్టకండి

పిల్లల కోసం చూస్తున్న అక్కలు, చెల్లెళ్లు, పీరియడ్ యాప్‌కు పైసలు కట్టే ముందు ఇది చదవండి. మా చెల్లె వాళ్లది దేవరకొండ. మరిది హైదరాబాద్‌లో పని చేస్తడు. యాప్‌లో గర్భం వచ్చే రోజులని ఏ రోజులకు రంగు పడితే ఆ రోజులకు సెలవు పెట్టి బస్సెక్కి వచ్చేటోడు. నెలలు గడిచినా ఫలితం లేదు. అత్తగారింట్ల మాటలన్నీ చెల్లె పడ్డది, అదే నాకు బాధ.

యాప్ మీరు రాసిన పీరియడ్ తారీఖుల సగటు తీస్తది. దాంతోని వచ్చే పీరియడ్ ఎప్పుడో ఊహించి, 14 రోజులు వెనక్కి లెక్కేసి, అండం ఆ రోజే విడుదలైతదని చెప్తది. ఆ రోజుకూ, దాని ముందటి ఐదు రోజులకూ రంగేస్తది. వీర్యకణాలు ఐదు రోజుల దాకా బతుకుతయి, అండం ఒక్క రోజు మించి ఉండదు కాబట్టి ఆ ఆరు రోజుల లెక్క సరైనదే. మోసమంతా సగటులోనే ఉంది.

చెల్లెకు పీరియడ్ వరుసగా 28, 36, 30, 38 రోజులకు వచ్చింది. సగటు 33. అందుకని యాప్ 14వ రోజు నుంచి 19 దాకా రంగేసింది. కానీ పీరియడ్ 28 రోజులకు వచ్చే నెలలో అసలు రోజులు దాదాపు 9 నుంచి 14. 38 రోజులకు వచ్చే నెలలోనేమో 19 నుంచి 24. రెండిట్లోనూ యాప్ చెప్పిన ఆరు రోజుల్లో కలిసేది ఒక్కటే! నెల ముందుకు వెనకకు జరిగేది ఎక్కువగా అండం విడుదలకు ముందే. అది ఈసారి ఎప్పుడో పాత తారీఖులకు తెల్వదు.

తర్వాతి నెల నల్లగొండలో డాక్టరమ్మ స్కాన్ తీస్తే 19వ రోజుకు అండం ఉన్న తిత్తి 13 మిల్లీమీటర్లే ఉంది. మామూలుగా 18 దాటినంకనే అది పగులుతది. పీరియడ్ మళ్లీ 38 రోజులకే వచ్చింది. చెల్లె ఆ తారీఖు ఎక్కించంగనే యాప్ 19వ రోజు గుర్తును చప్పుడు చేయకుండ 24కు జరిపింది. పాత నెలలు తిప్పి చూస్తే అన్నీ సరిగ్గా చెప్పినట్టే కనపడతయి. నెల మొదట్లనే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తేడా మీకే దొరుకుతది.

పిల్లలు ఇప్పుడే వద్దనుకునేటోళ్లకు ఇది ఇంకా ప్రమాదం. 28 రోజుల నెలలో 9 నుంచి 13 దాకా యాప్‌లో రంగు లేదు, కానీ గర్భం వచ్చే రోజులు అవే.

మెడికల్ షాపులో దొరికే ఎల్‌హెచ్ స్ట్రిప్ మూత్రంలో హార్మోన్ చూసి, అండం విడుదలకు ఒకటి, ఒకటిన్నర రోజు ముందు తెలుపుతది. తెల్లబట్ట పచ్చి గుడ్డు తెల్లసొన లెక్క సాగితే అవి కూడా గర్భం వచ్చే రోజులే. పీసీఓడీ ఉన్నోళ్లకు స్ట్రిప్ కూడా తప్పు చూపొచ్చు, వాళ్లు స్కాన్‌కే పోవాలె.

ఇప్పటికే పైసలు కట్టినోళ్లు యాప్ తీసేస్తే కోత ఆగదు. ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్లలోకి పోయి రద్దు చేయండి.