శ్రీశైలానికి ఒక్కరోజు ప్రయాణం: రెండు పేజీల ప్రణాళిక బదులు ఒక అట్టముక్క

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లి అదే రోజు తిరిగి వచ్చేటప్పుడు మా ఇంట్లో కొన్నేళ్లుగా వాడుతున్నది పోస్టుకార్డంత అట్టముక్క. ప్రణాళిక మొదట రెండు పేజీలు రాస్తాను, దాన్ని ఆ అట్ట మీదికి కుదిస్తాను. ఫోనులో పెట్టుకుంటే సరిపోదా అని అడిగేవారికి నా జవాబు ఒకటే. నల్లమలలో చాలా దూరం సిగ్నల్ ఉండదు, గుడిలోకి ఫోను తీసుకెళ్లనివ్వరు. అసలు అవసరమైన రెండు చోట్లా ఫోను పనికిరాదు.

కుదించడమంటే అక్షరాలు చిన్నవి చేయడం కాదు. రెండు పేజీల్లో ఉన్న వేళలన్నీ ఒకే రకం కావు. కొన్ని మన చేతిలో లేనివి: మన్ననూరు దగ్గర అటవీ గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది, దర్శనం టికెట్టు మీద వేళ అచ్చయి ఉంటుంది. వాటిని ఎర్ర సిరాతో చుడతాను. మిగిలినవి మనం అనుకున్నవి, అంటే భోజనం, రోప్‌వే, పాలధార పంచధార వంటివి. వాటికి వరుస ముఖ్యం, నిమిషాలు కాదు. స్థలపురాణం, హోటళ్ల పేర్లు, దారిలో ఏది బాగుంటుందన్న మాటలు రెండు పేజీల్లోనే ఉండిపోతాయి.

ఆ తరువాత లెక్క వెనక నుంచి మొదలవుతుంది. గేటు 9కి మూస్తారు. శ్రీశైలం నుంచి మన్ననూరు దాకా ఘాట్ దారిలో రెండున్నర గంటలు పెట్టుకోవాలి. డ్యామ్ గేట్లు ఎత్తిన రోజుల్లో చూడటానికి జనం ఆగి దారి మూసుకుపోతుంది కాబట్టి, ఇంకో గంట చేతిలో ఉండాలి. అంటే సాయంత్రం 5.30. మధ్యాహ్నం ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నది ఆ ఒక్క అంకె తేలుస్తుంది. రెండు పేజీల్లో ఉన్న పాలధార పంచధార, శిఖరం, హాటకేశ్వరం అట్ట మీదికి రాలేదు. అట్ట మీద చోటు చాలకపోవడం వల్ల కాదు, 5.30 వల్ల పోయాయి.

ఇప్పుడు మా అట్ట మీద ఉన్నది ఇది:

4.00 తుక్కుగూడ దాటాలి
6.30 మన్ననూరు గేటు (స్టీలు సీసాలు, ప్లాస్టిక్ వద్దు)
10.00 గుడి (పంచె, కండువా, చీర, టికెట్లు, ఆధార్, ఫోన్లు కారులోనే)
తరువాత భోజనం
రోప్‌వే, పాతాళగంగ (తువ్వాళ్లు, మార్చుకునే బట్టలు)
సాక్షి గణపతి
5.30 కారు కదలాలి
9.00 గేటు మూత

వెంట తీసుకెళ్లవలసినవి అట్ట అడుగున విడిగా రాయకపోవడమే దీనిలో నాకు బాగా నచ్చింది. విడిగా ఉన్న జాబితా సంచి సర్దేటప్పుడు పనికొస్తుంది, దిగేటప్పుడు కాదు. స్పర్శ దర్శనానికి పంచె కట్టుకోవాలని తెలిసినవాడు కూడా దాన్ని డిక్కీలో అడుగున పెట్టి, క్యూ దగ్గరికి వచ్చాక వెతుక్కుంటాడు. వస్తువు పేరు చోటు పక్కనే ఉంటే ఆ చోటుకి దిగేముందే చేతికి వస్తుంది. కాగితమైతే పాతాళగంగ దగ్గర తడిచిపోతుంది కాబట్టి అట్టే మేలు. జెల్ పెన్ను సిరా కరిగిపోతుంది, బాల్‌పెన్ను ఆగుతుంది.

‘కారు కదలాలి’ అన్న మాట మా డ్రైవర్ వల్ల వచ్చింది. అంతకుముందు ‘బయలుదేరడం’ అని ఉండేది. ఆయన అట్ట చూసి, “అయిదున్నర అంటే మీరందరూ కారు ఎక్కే వేళా సార్, కారు కదిలే వేళా?” అని అడిగాడు. పెద్దవాళ్లు, ప్రసాదం సంచులు, ఎవరో ఒకరు మళ్లీ మంచినీళ్లకు వెళ్లడం కలిస్తే ఆ రెంటికీ మధ్య ఇరవై నిమిషాలు తేడా. అట్ట రాశాక ప్రణాళిక చదవని మనిషికి ఇచ్చి చూడమని చెప్పేది ఇందుకే. రాసినవాడికి ఆ ప్రశ్న తట్టదు.

దీనితో కుదరనివీ ఉన్నాయి. మహాశివరాత్రికి, కార్తీక సోమవారాలకు ఈ అట్టను నమ్మవద్దు. క్యూ ఎంతసేపో చెప్పలేనప్పుడు 10.00 తరువాత ఏదీ నిలవదు, ఆ రోజుల్లో కొండ మీదే రాత్రి ఉండటం మేలు. ఇంకోటి, అట్ట కారణాలు చెప్పదు. 5.30 ఎందుకో తెలియనివాళ్లు ఆరున్నర దాకా ఉందామని బేరమాడతారు. అందుకే ఆఖరి వరుసగా గేటు మూసే వేళ రాశాను. మేము చేరే వేళ కాకపోయినా అది కనబడితే బేరం ఆగుతుంది. రెండు పేజీలు మాత్రం పారేయను. మడతపెట్టి డ్రైవర్ పక్క అరలో ఉంచుతాను, దర్శనం ఆలస్యమైతే ఏది వదలాలో చూసుకోవడానికి. అలాంటప్పుడు ముందు పోయేది రోప్‌వేనే, దానికోసం తెచ్చిన తువ్వాళ్లు సంచిలోంచి తీయకుండానే ఇంటికి వస్తాయి.