కోడిపిల్లలు: హేచరీ వ్యానా, డీలర్ షాపా?

బెంగళూరు పక్కన హొస్కోటెలో మా షెడ్డుకి ఒకరోజు వయసున్న బ్రాయిలర్ పిల్లలను రెండు దారుల్లోనూ తెప్పించాను.

ధర: డీలర్ దగ్గర పిల్లకి ఒకట్రెండు రూపాయలు ఎక్కువే. అది పెద్ద తేడా కాదు.

శ్రమ: హేచరీకి ముందే ఆర్డర్ ఇవ్వాలి, వ్యాన్ తెల్లవారుజామున వస్తే మనం లేచి ఉండాలి. డీలర్ దగ్గర వందైనా సాయంత్రానికి దొరుకుతాయి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. డీలర్ పిల్లలు బాక్సులో ఎంతసేపు ఉన్నాయో మనకు తెలియదు. అందుకే నేను బాక్సు తూకం వేస్తాను. హేచరీ బాక్సులో 102 పిల్లలు, ఖాళీ బాక్సు బరువు తీసేస్తే 4.1 కిలోలు, అంటే పిల్ల 40 గ్రాములు. డీలర్ బాక్సులో అన్నే పిల్లలు 3.5 కిలోలే తూగాయి. కాళ్లు నిగనిగలాడకుండా ముడతలు పడి, నరాలు కనిపించాయి. నీళ్లు అందక ఎండిపోయాయన్నమాట. ఇంకోటి, బొడ్డు మూసుకుని పొడిగా ఉందో లేదో చూడండి. తడిగా, నల్లగా ఉంటే ఆ పిల్ల బతకడం కష్టం.

మొదటి గంటలు: రెండింటికీ, పిల్లలను వెచ్చగా ఉంచే బ్రూడర్‌లో పిల్లల ఎత్తున 32-33 డిగ్రీలు ముందే ఉండాలి. హేచరీ పిల్లలకు నీళ్లు, మేత ఒకేసారి పెడతాను. ఎండినవాటికి ముక్కు నీళ్లలో ముంచి తాగడం అలవాటు చేసి, గంట తర్వాతే కాగితం మీద మేత చల్లుతాను. రెండు గంటల తర్వాత పది పిల్లలకు మెడ కింద ఉండే మేతసంచి తడిమితే ఏడెనిమిది పిల్లలకు మెత్తగా నిండి ఉండాలి. గట్టిగా తగిలితే నీళ్లు చాలలేదు.

ఐదొందలు, ఆపైన అయితే హేచరీ వ్యానే. వందా రెండొందలకు డీలర్ సరే, బాక్సు అక్కడే తూచి తీసుకోండి.