మనవరాలికి ట, త: వీడియోనా, విమానమా?

కావలిలో ఉండే మా పిన్నమ్మకు మనవరాలు అమెరికాలో పుట్టింది. కోడలు అమెరికన్, ఇంట్లో మాట ఇంగ్లీషే. "పాపకు తెలుగు శబ్దాలు అలవాటు కావాలంటే పాటలు రికార్డు చేసి పంపితే చాలదా, నేనే పోవాలా?" అని పిన్నమ్మ ప్రశ్న.

పాపకు ఎనిమిది నెలలు. ఆ వయసులో ఏ దేశపు బిడ్డకైనా "టా", "తా" వేరుగానే వినిపిస్తాయి. వెర్కర్, టీస్ అనే పరిశోధకులు 1984లో హిందీ శబ్దాలతో ఇదే పరీక్షించారు. శబ్దం మారినప్పుడు బిడ్డ తల తిప్పితే పక్కనున్న పెట్టెలో బొమ్మ వెలిగి ఆడుతుంది. ఇంగ్లీషు ఇళ్ల పిల్లలు ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య చాలామంది తిప్పారు. పది నుంచి పన్నెండు నెలలకు దాదాపు ఎవరూ తిప్పలేదు. ఇంగ్లీషు "t" నాలుక ఈ రెంటికీ నడుమ తగులుతుంది, ఆ తేడాతో వాళ్లకు పనిలేదు. చెవి బాగానే ఉంటుంది, మెదడే రెంటినీ ఒక గంపలో వేస్తుంది.

ఇక వీడియోనా, మనిషా? 2003లో పాట్రీషియా కూల్ అనే పరిశోధకురాలి బృందం సియాటిల్‌లో తొమ్మిది నెలల పిల్లలకు మాండరిన్ వినిపించింది, 25 నిమిషాల చొప్పున 12 సార్లు. మనిషి ఎదురుగా కూర్చుని ఆడించినవాళ్లు ఆ భాష శబ్దాల తేడా పట్టుకున్నారు. అదే మాట టీవీలో చూసినవాళ్లకు ఏమీ అంటలేదు.

అయితే అది రికార్డు చేసిన వీడియో. పాప కేరింతకు బదులిచ్చే వీడియో కాల్‌ని దానితో కట్టేయలేం. నా ఓటు మాత్రం విమానానికే, అదీ ఈ రెండు నెలల్లోనే. ఆలస్యమైతే తలుపు మూసుకుపోదు కానీ, నేర్పడం కష్టమవుతుంది.