హిజ్రీ తేదీని మన తేదీగా మార్చడానికి ఏది మేలు: అంచనా సూత్రమా, ముప్పై ఏళ్ల చక్రమా, ఉమ్ముల్ ఖురా పట్టికా?

పార్సీ లిపిలో ఉన్న ఒక కాగితం మీద 1357 అనే సంవత్సరం మాత్రమే కనిపించిందనుకుందాం. చాంద్రమాన హిజ్రీ అయితే అది 1938-39. ఇరాన్ సౌర హిజ్రీ అయితే 1978-79. హైదరాబాద్ రాజ్యపు ఫస్లీ అయితే 1947-48. ఒకే అంకెకు మూడు కాలాలు, మధ్యలో నలభై ఏళ్ల తేడా. అందుకే ఏ పద్ధతి మేలో తేల్చుకునే ముందు, అది ఏ క్యాలెండరో తేల్చుకోవాలి.

దీనికి మొదటి ఆధారం నెల పేరు. ముహర్రం, సఫర్, రజబ్, రంజాన్ లాంటివైతే చాంద్రమానం. ఫర్వర్దీన్, తీర్, బహ్మన్ అయితే ఇరాన్ సౌరమానం. హమల్, సౌర్, జౌజా అని రాశుల పేర్లుంటే అఫ్గానిస్తాన్ కాగితమో, 1925కు ముందటి ఇరాన్ కాగితమో కావచ్చు. ఇరాన్‌లో సంవత్సరం పక్కన షీన్ అక్షరం ఉంటే షమ్సీ, అంటే సౌరం. ఖాఫ్ ఉంటే ఖమరీ, అంటే చాంద్రం. తెలంగాణలో పాత రెవెన్యూ కాగితాలు చూసేవాళ్లు ఇక్కడే ఎక్కువగా పొరబడతారు. నిజాం కాలపు ఫస్లీ నెలలకూ బహ్మన్, తీర్ లాంటి పార్సీ పేర్లే ఉన్నాయి. కానీ ఆ సంవత్సరం అక్టోబర్ మొదటివారంలో ఆజర్ నెలతో మొదలవుతుంది. కాబట్టి ఫస్లీ 1357లో బహ్మన్ 22 అంటే 1947 డిసెంబర్ చివరి భాగం. ఇరాన్ 1357లో బహ్మన్ 22 అంటే 1979 ఫిబ్రవరి 11, అక్కడి విప్లవం గెలిచిన రోజు.

ఇక చాంద్రమానానికి ఉన్న మూడు దారుల సంగతి. మొదటిది అంచనా సూత్రం: హిజ్రీ సంవత్సరాన్ని 0.970224తో గుణించి 621.5774 కలపడం. 1400కు ఇది 1979.89 ఇస్తుంది, అంటే 1979 నవంబర్ మూడో వారం చివర ఆ హిజ్రీ సంవత్సరం మొదలైందన్నమాట. ఏ సంవత్సరమో తెలిస్తే చాలనుకునే చోట, ఉదాహరణకు పుస్తకం అచ్చయిన ఏడు తెలుసుకోవడానికి, ఇది బాగా పనికొస్తుంది. రోజు కావాలంటే మాత్రం దీన్ని వాడకూడదు.

రెండోది ముప్పై ఏళ్ల చక్రం. నెలలు వరసగా 30, 29 రోజులు. ముప్పై ఏళ్లలో పదకొండు సంవత్సరాలకు చివరి నెలలో ఒక రోజు అదనం. మొత్తం చక్రానికి 10,631 రోజులు. దీన్ని జూలియన్ రోజుల సంఖ్యగా, అంటే ప్రాచీన కాలపు ఒక రోజు నుంచి వరసగా లెక్కపెట్టిన సంఖ్యగా, ఇలా రాయవచ్చు:

```python
def hijri_jdn(y, m, d):
    return d + (59*(m-1)+1)//2 + 354*(y-1) + (3+11*y)//30 + 1948439
```

వచ్చిన సంఖ్యను 7తో భాగిస్తే మిగిలేది వారం: 0 సోమవారం, 1 మంగళవారం, అలా 6 ఆదివారం. ఈ పద్ధతి ఏ శతాబ్దానికైనా పనిచేస్తుంది, దాని బలం అదే. బలహీనత కూడా అక్కడే ఉంది. అసలు నెల నెలవంక కనిపించడంతో మొదలైంది, లెక్కతో కాదు. అందుకే ఫలితం ఒక రోజు అటూ ఇటూ కావడం మామూలు.

ఒక ఉదాహరణ చూద్దాం. మక్కాలో పెద్ద మసీదును సాయుధులు ఆక్రమించినది హిజ్రీ 1400 ముహర్రం 1న. పై సూత్రం దానికి 2444199 ఇస్తుంది, అంటే 1979 నవంబర్ 21. మిగులు 2, కాబట్టి బుధవారం. కానీ ఆ సంఘటన జరిగింది మంగళవారం, నవంబర్ 20న. లెక్క ఒక రోజు ముందుకు పోయింది. కాగితం మీద వారం రాసి ఉంటే ఈ తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది. లెక్కకూ వారానికీ ఒక రోజు తేడా వస్తే వారాన్నే నమ్మి తేదీని సరిచేయాలి. మూడు నాలుగు రోజుల తేడా వస్తే అంకెను తప్పు చదివి ఉంటారు, లేదా క్యాలెండరే వేరు.

వారం చదివేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. హిజ్రీ రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. పార్సీ కాగితంలో ‘శబే జుమా’ అని ఉంటే అది మన లెక్కలో గురువారం రాత్రి, శుక్రవారం రాత్రి కాదు. అలాగే తేదీ అంకెలో ఉండాలన్న నియమం కూడా లేదు. ‘గుర్రా’ అంటే నెల మొదటి రోజు, ‘సల్ఖ్’ అంటే చివరి రోజు. పాత అరబ్బీలో ‘ఇన్ని రాత్రులు మిగిలి ఉండగా’ అని వెనక నుంచి లెక్కపెట్టడమూ ఉంది. ఆ నెలకు 29 రోజులో 30 రోజులో తెలియకపోతే అక్కడా ఒక రోజు అనుమానం మిగులుతుంది. అలాంటప్పుడు రెండు తేదీలూ రాసిపెట్టడమే నిజాయితీ.

మూడోది సౌదీ అరేబియా అధికారిక ఉమ్ముల్ ఖురా పట్టిక. పైథాన్‌లో `hijridate` అనే లైబ్రరీ 1343 నుంచి 1500 వరకు ఈ పట్టికనే వాడుతుంది. సౌదీ ఆఫీసు ఇచ్చిన ఇఖామా, ఒప్పందం, జనన పత్రం లాంటివాటికి ఇదే మేలు, ఎందుకంటే ఆ కాగితం పుట్టింది ఆ పట్టికలోనే. కానీ హైదరాబాద్‌లోనో లక్నోలోనో రాసిన కాగితానికి దీన్ని వాడితే తప్పుతుంది. ఇక్కడ నెలవంక తరచుగా సౌదీ కంటే ఒక రోజు ఆలస్యంగా కనిపిస్తుంది. దక్కన్ కాగితానికి ముప్పై ఏళ్ల చక్రం వేసి, వారంతో సరిచూడడమే నా ఓటు.

పాత రాతప్రతులకు ఇంకో చిక్కుంది. 1582 అక్టోబర్‌కు ముందటి తేదీలను చరిత్రకారులు జూలియన్ క్యాలెండర్లో రాస్తారు. వెబ్‌సైట్లలో కొన్ని మాత్రం ఇప్పటి క్యాలెండర్‌నే వెనక్కి పొడిగించి ఇస్తాయి. హిజ్రీ 857 జుమాదల్ ఊలా 20న కాన్‌స్టాంటినోపుల్ పడిపోయింది. అది 1453 మే 29, మంగళవారం. ఏదైనా సాధనం జూన్ 7 అని చెబితే లెక్క తప్పలేదు, క్యాలెండర్ మారింది. ఇలాంటి తెలిసిన తేదీ ఒకటి ముందుగా వేసి చూస్తే, సాధనం ఏ దారిన పోతోందో తెలుస్తుంది.

సౌర హిజ్రీకి ఇంత గొడవ లేదు. ఇరాన్‌లో 1304 ఫర్వర్దీన్ 11 నాటి చట్టంతో (1925 మార్చి 31) నెలల పొడవులు స్థిరపడ్డాయి: మొదటి ఆరు 31 రోజులు, తర్వాతి ఐదు 30, చివరిది 29 లేదా 30. కాబట్టి ఇక్కడ చేతిలెక్క కూడా సరిపోతుంది. ఫర్వర్దీన్ 1 అంటే మార్చి 20 లేదా 21, కొన్ని పాత సంవత్సరాల్లో 22. డిసెంబర్ 31 దాకా 621, జనవరి 1 నుంచి 622 కలపాలి. బహ్మన్ 22 అంటే 186, 120, 22 కలిపి 328వ రోజు. 1978 మార్చి 21 నుంచి 327 రోజులు ముందుకెళ్తే 1979 ఫిబ్రవరి 11 వస్తుంది. దీన్నే `jdatetime` లైబ్రరీలో ఇలా సరిచూసుకోవచ్చు:

```python
import jdatetime
jdatetime.date(1357, 11, 22).togregorian()
```

ఈ నిశ్చింత 1304 తర్వాతి ఇరాన్‌కే. దానికి ముందు రాశుల పేర్లతో ఉన్న నెలలకు 29 నుంచి 32 రోజుల దాకా ఉండేవి. అఫ్గానిస్తాన్‌లో ఈ పద్ధతి 1957 వరకు సాగింది. అలాంటి తేదీలను పై లైబ్రరీకి ఇస్తే అది ఏ అనుమానమూ చెప్పకుండా ఒక తేదీ ఇచ్చేస్తుంది, అది నిజం కాకపోవచ్చు. అక్కడ ఆ సంవత్సరపు పంచాంగ పట్టికే దిక్కు. ఇక 1976-78 మధ్య ఇరాన్ కాగితాల మీద 2535, 2536, 2537 కనిపిస్తే అవి షా ప్రవేశపెట్టిన చక్రవర్తి సంవత్సరాలు. వాటిలోంచి 1180 తీసేస్తే సౌర హిజ్రీ వస్తుంది. నెల, రోజు మారవు.