డయల్ థర్మామీటరా, డిజిటల్ సూదా: పంది తొడకి ఏది మేలు?

కోరాపుట్ జిల్లా సునాబెడలో డిసెంబరు చలి గట్టిగానే ఉంటుంది. క్రిస్మస్‌కి మా పక్క క్వార్టర్స్ వదిన ఏటా పంది తొడ కాలుస్తుంది. ఎముక తీయించిన రెండు కిలోల ముక్కకి ముందురోజు రాత్రి ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి పట్టించి, మర్నాడు ఓటీజీలో పెడుతుంది. కిందటేడు ఆ ముక్క దగ్గర రెండు థర్మామీటర్లు చేరాయి. వదినది గడియారం లాంటి ముఖం ఉన్న డయల్ రకం. నాది బ్యాటరీతో నడిచే, సన్నటి సూది ఉన్న డిజిటల్ రకం.

ఓటీజీని 170 డిగ్రీల దగ్గర పెట్టి గంటా ఇరవై నిమిషాలయ్యాక వదిన తన డయల్‌ని పైనుంచి ముక్క నడిమధ్యకి గుచ్చింది. ముల్లు 68 చూపించింది. "అయిపోయినట్టే, ఇంకో రెండు మూడు డిగ్రీలే కదా" అంది. అదే చోట నా సూది గుచ్చితే 52 వచ్చింది. ఒకే ముక్క, ఒకే నిమిషం, పదహారు డిగ్రీల తేడా. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. 68 నిజమైతే కాసేపట్లో దించేయాలి. 52 నిజమైతే లోపల ఇంకా పచ్చిగానే ఉంది.

నిజానికి దగ్గరగా ఉన్నది 52. అలాగని వదిన డయల్ పాడైపోలేదు. దాన్ని గుచ్చిన తీరే దానికి సరిపోలేదు.

డయల్ రకం కాడ లోపల రెండు లోహాలు అతికించిన పట్టీ ఒకటి స్ప్రింగులా చుట్టి ఉంటుంది. వేడికి రెండు లోహాలూ సమానంగా సాగవు కాబట్టి ఆ చుట్ట మెలి తిరిగి ముల్లుని కదుపుతుంది. ఆ చుట్ట మొన దగ్గర మొదలై కాడలో ఐదారు సెంటీమీటర్ల పైదాకా ఉంటుంది. చాలా డయల్ రకాల్లో కాడ మీద చిన్న నొక్కు కనిపిస్తుంది. వేడిని పట్టే భాగం అక్కడితో అయిపోయిందని దాని అర్థం. మొన నుంచి ఆ నొక్కు దాకా ఉన్న వేడి అంతటికీ సగటు ఎంతో అదే ముల్లు చూపిస్తుంది.

వదిన ముక్క మందం 9 సెంటీమీటర్లు. మొన సరిగ్గా నడిమధ్యకే వెళ్లింది, కానీ అక్కడి నుంచి పై చర్మం దాకా ఉన్నది నాలుగున్నర సెంటీమీటర్లే. అంటే పట్టే భాగంలో కొంత చల్లటి మధ్యలో, కొంత బాగా కాలిన అంచులో ఉండగా, మిగిలిన కొస ఓటీజీ గాలిలోనే ఉండిపోయింది. ఇవన్నీ కలిసిన సగటే ఆ 68.

డిజిటల్ సూదిలో వేడిని పట్టే గింజ మొనలోనే ఉంటుంది. మొన నుంచి సెంటీమీటరు దాటదు, మంచి రకాల్లో ఇంకా తక్కువే. అందుకే మొన ఎక్కడుంటే ఆ చోటి వేడినే చెబుతుంది. పైగా పది సెకన్లలోపే అంకె నిలబడుతుంది. డయల్‌కి పదిహేను ఇరవై సెకన్లు పడుతుంది, అంతసేపూ ఓటీజీ తలుపు తీసే ఉంచాలి.

అప్పుడు డయల్‌ని బయటికి లాగి, ముక్క పొడుగు వైపు కొస నుంచి నిలువునా లోపలికి గుచ్చాం. ఇలా గుచ్చితే చుట్ట మొత్తం నడిమి భాగంలోనే పడుకుంటుంది. ఈసారి 54 వచ్చింది. రెండు పరికరాల మధ్య తేడా పదహారు నుంచి రెండుకి దిగింది. డయల్ ఉన్నవాళ్లు ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు: పైనుంచి కాదు, పక్కనుంచో కొస నుంచో, నొక్కు దాకా మాంసంలోకి పోయేలా గుచ్చాలి. పల్చటి చాప్స్‌కీ, కీమా ప్యాటీలకీ కూడా పక్కనుంచే గుచ్చాలి. రెండు మూడు సెంటీమీటర్ల మందాన్ని డయల్ పైనుంచి కొలవడం కుదరని పని.

సూది రకానికి పద్ధతి వేరు. దాన్ని మధ్య దాటి కాస్త అవతలిదాకా పోనిచ్చి, అంకె చూస్తూ మెల్లగా వెనక్కి లాగాలి. అంకె తగ్గుతూ వచ్చి ఒకచోట మళ్లీ పెరగడం మొదలవుతుంది. ఆ మధ్యలో కనిపించిన అతి తక్కువ అంకే మనకి కావలసింది. ఇలా రెండు మూడు చోట్ల చూసి అన్నిట్లోకీ తక్కువదాన్ని నమ్మాలి, ఎందుకంటే ఓటీజీలో వెనక వైపు ఒక వేడి, తలుపు వైపు ఒక వేడి ఉంటాయి. ఎముక ఉన్న ముక్కైతే ఎముకకి ఓ సెంటీమీటరైనా ఎడం ఉంచాలి. ఎముకలో, కొవ్వు గడ్డలో వేడి పాకే తీరు వేరు, అక్కడి అంకె కండ సంగతి చెప్పదు. మొన అవతలికి పొడుచుకొచ్చి ట్రేని తాకితే కూడా అంకె ఒక్కసారిగా ఎగిరిపోతుంది. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, ఈ సూదిని ముక్కలో వదిలేసి ఓటీజీ మూయకూడదు. పిడి ప్లాస్టిక్ కరిగిపోతుంది. లోపలే ఉంచాలంటే తీగ ఉన్న రకం వేరే దొరుకుతుంది.

కరోనా రోజుల్లో కొన్న నుదుటి గన్‌తో కొలవచ్చా అని మా లైన్‌లో ఒకరిద్దరు అడిగారు. కుదరదు. అది ఒంటి జ్వరం చూడ్డానికి చేసింది, కొద్ది డిగ్రీల మధ్యే పనిచేస్తుంది. వంటింటి గన్ అయినా చర్మం పైవేడినే చెబుతుంది, లోపల ఏముందో దానికి తెలీదు.

ఇక ఎంత వేడి దగ్గర ఆపాలి? పందికి 63, 71 అని రెండు అంకెలు వినిపిస్తాయి. అమెరికా వ్యవసాయ శాఖ చాలాకాలం 71 చెప్పి, 2011లో కీమా కొట్టని ముక్కలకి దాన్ని 63కి తగ్గించింది. అయితే దించాక కనీసం మూడు నిమిషాలు కదపకుండా ఉంచాలని షరతు పెట్టింది. ఫారన్‌హీట్‌లో ఇవి 145, 160. పరికరం ఏ కొలతలో ఉందో ముందే చూసుకోవాలి. గొర్రెకీ, బీఫ్‌కీ కూడా పెద్ద ముక్కైతే ఇదే 63, ఇదే మూడు నిమిషాలు. ఒడిశాలో 1960 నాటి చట్టం ఆవుల వధని నిషేధించింది కాబట్టి ఇక్కడ ఆ మాట వస్తే ఎక్కువగా గేదె మాంసం గురించే అనుకోవాలి. దానికీ ఇవే అంకెలు వాడొచ్చు. కీమా మాత్రం ఈ మాంసాల్లో ఏదైనా 71కి రావలసిందే. పెద్ద ముక్కలో క్రిములు ఎక్కువగా పైపైనే ఉంటాయి, పైన కాలగానే చస్తాయి. మర ఆడినప్పుడు ఆ పైభాగమంతా లోపలికి కలిసిపోతుంది.

మరి పంది తొడకి 63 మేలా, 71 మేలా? నేను 71 అంటాను, మా ప్రాంతానికి మరీ గట్టిగా అంటాను. ఇక్కడ సంతలో దొరికే పంది చాలాసార్లు ఊళ్లో తిరిగి మేసినది, కోసే ముందు దాన్ని ఎవరు పరీక్షించారో తెలీదు. అలాంటి పంది కండలో బద్దెపురుగు పిల్లల తిత్తులు ఉండొచ్చు. సరిగా ఉడకని ఆ మాంసం తింటే కడుపులో బద్దెపురుగు పెరుగుతుంది. ఆ మనిషి మలంలోంచి గుడ్లు చేతులకో నీళ్లకో అంటి ఎవరి నోట్లోకైనా వెళ్తే, తిత్తులు మెదడుకి చేరి ఫిట్స్ రావొచ్చు. నిజానికి ఆ తిత్తులు 63 లోపే చస్తాయి. కానీ ఆ 63 ముక్క అంతటా వచ్చిందని నమ్మకంగా చెప్పాలంటే పరికరం సరిగ్గా ఉండాలి, గుచ్చిన చోటు సరిగ్గా ఉండాలి, ఓటీజీ వేడి సమంగా ఉండాలి. పైనుంచి గుచ్చిన డయల్ పదహారు డిగ్రీలు తప్పు చెప్పడం నా కళ్లతో చూశాను. అందుకే ఇంట్లో 71. కండ లేత గులాబీ నుంచి తెల్లబడుతుంది, రసం కాస్త తగ్గుతుంది, అంతకుమించి పోయేదేమీ లేదు. రంగు చూసి మాత్రం నిర్ణయించకూడదు. ఉడికిన పంది కూడా ఒక్కోసారి గులాబీగానే ఉంటుంది.

ఇదంతా తొడ లాంటి పెద్ద ముక్క సంగతి. నాటు పంది భుజమైనా, ముదురు పొట్టేలు కాలైనా 71 దగ్గర తినడానికి భయం లేదు గానీ నమలడం కష్టం. అందులోని నరాలూ పొరలూ కరిగి మెత్తబడాలంటే 90 దాటి చాలాసేపు ఉండాలి. మన కూర గిన్నెలో జరిగేది అదే. కూరలో చిన్న ముక్కలు గంటసేపు కుతకుత ఉడుకుతాయి కాబట్టి అక్కడ థర్మామీటర్‌తో పని లేదు.

ఆ రోజు డిజిటల్ అంకె 67కి రాగానే వదిన చేత ఓటీజీ ఆపించాను. "71 అన్నావు కదా" అంది. పెద్ద ముక్క బయటికి తీశాక కూడా అంచుల్లోని వేడి లోపలికి పాకుతూనే ఉంటుంది. ఫాయిల్ వదులుగా కప్పి, సూది గుచ్చే ఉంచాం. పన్నెండో నిమిషంలో 71కి వచ్చి ఆగింది. రాకపోయి ఉంటే మళ్లీ లోపల పెట్టేవాళ్లం. చిన్న ముక్కైతే ఇంత పెరగదు, ఒకటి రెండు డిగ్రీలే, కాబట్టి దాన్ని ముందుగా దించకూడదు.

మిగిలిన ఆ రెండు డిగ్రీల తేడా మర్నాడు తేలింది. గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి, సందులు నిండేదాకా నీళ్లు పోసి, కలిపి, రెండు నిమిషాలాగి రెండిటినీ గోడలకి తగలకుండా ముంచాం. నాది 0 చూపింది, వదినది 2. డయల్ ముఖం వెనక ఉన్న చిన్న నట్టుని ప్లయర్‌తో తిప్పితే ముల్లు 0 మీదకి వచ్చింది.

అంతకుముందు దాన్ని మరిగే నీళ్లలో పెట్టి 100కి సరిచేశానని వదిన చెప్పింది. తప్పు అక్కడ జరిగింది. సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున్న కోరాపుట్‌లో నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. విశాఖలో 100 అని చూసిన అలవాటుతో ఇక్కడా ముల్లుని 100కి తిప్పితే, ఆ తర్వాత అది ప్రతి ముక్కకీ రెండు మూడు డిగ్రీలు ఎక్కువే చెబుతుంది. ఈ కొండల మీద ఉండేవాళ్లు ఐసు నీళ్లతోనే సరిచూసుకోవాలి.

కొత్తగా కొనేవాళ్లకి డిజిటల్ సూదే మేలు. వదిన మాత్రం తన డయల్‌నే ఉంచుకుంది, దాని కాడ మీద నొక్కు దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్ గీత పెట్టుకుని.